‘లావొక్కింతయు లేదు’ పద్యం చదవబోయే పిల్లలకు

చిరంజీవులకు ఆశీస్సులు.

బడి వార్షికోత్సవంలో పోతన గారి గజేంద్రమోక్షంలోని పద్యం చదువుతారని తెలిసింది. ముందుగా దాన్ని పెద్ద అక్షరాలతో ఒక కాగితం మీద రాసుకోండి.

లావొక్కింతయు లేదు ధైర్యము విలోలంబయ్యె బ్రాణంబులున్
ఠావుల్ దప్పెను మూర్ఛ వచ్చె దనువున్ డస్సెన్ శ్రమంబయ్యెడిన్
నీవే తప్ప నితఃపరం బెరుగ మన్నింపందగున్ దీనునిన్
రావే యీశ్వర! కావవే వరద! సంరక్షించు భద్రాత్మకా!

చాలామంది ప్రతి పాదం చివరా ఆగుతారు. ఈ పద్యంలో మొదటి పాదం చివర ఆగితే అర్థం తెగిపోతుంది, ఎందుకంటే ‘బ్రాణంబులున్’ అన్న మాటకు క్రియ రెండో పాదంలోని ‘ఠావుల్ దప్పెను’. అందువల్ల ‘విలోలంబయ్యె’ తర్వాత పెన్సిలుతో రెండు గీతలు గీసి, అక్కడ నిండుగా ఊపిరి తీసుకుని, ‘బ్రాణంబులున్ ఠావుల్ దప్పెను’ అని ఆపకుండా చదవండి. 13వ అక్షరం యతిస్థానం కనుక అక్కడ ఆగాలని ఎవరైనా చెబితే వినకండి. మొదటి పాదంలో ఆ అక్షరం ‘విలోలంబయ్యె’ నడుమ ఉన్న ‘లం’, అక్కడ ఆగితే మాటే రెండు ముక్కలవుతుంది.

రెండో పాదమంతా ఏనుగు తన అవస్థను చిన్న చిన్న వాక్యాలలో చెప్పుకోవడమే. వాటి మధ్య ఒక్కొక్క గీత చాలు, అంటే గొంతు ఆగాలి గాని గాలి పీల్చకూడదు. ఊపిరి చాలని వారు ‘మూర్ఛ వచ్చె’ దగ్గర కొద్దిగా తీసుకోవచ్చు. ఏనుగు అలసిందని మీరు కూడా రొప్పుతూ నటిస్తే, ఆ రొప్పు మైకులో మాటలను మింగేస్తుంది. వేగం కాస్త తగ్గిస్తే అలసట దానంతటదే వినబడుతుంది.

మూడో పాదంలో ఊనిక ‘నీవే’ అన్న మాట చివరి ఏకారం మీద ఉండాలి. ‘నితఃపరం బెరుగ’ అని అచ్చులో విడిగా కనబడినా, ‘ఇతఃపరంబు ఎరుగ’ అన్న అర్థం కనుక కలిపి చదివి, ‘ఎరుగ’ తర్వాత చిన్న విరామం ఇవ్వండి. ‘దీనునిన్’ తర్వాత మళ్ళీ రెండు గీతలు.

చివరి పాదంలో మూడు పిలుపులున్నాయి. మొదటి పిలుపులోనే గొంతు చించుకుంటే మూడోదానికి ఏమీ మిగలదు కనుక, ‘రావే’ మామూలు స్వరంలో మొదలుపెట్టి, ‘కావవే’ కొంచెం పెంచి, ‘సంరక్షించు’ దగ్గర పూర్తిగా తెరవండి. ఊపిరి సరిపోయిందో లేదో ‘భద్రాత్మకా’ చివరి దీర్ఘమే చెబుతుంది: అది పొట్టిగా తెగినా, వణికినా, ‘దీనునిన్’ దగ్గర భుజాలు పైకెత్తి పైపైన పీల్చారన్నమాట. పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ముక్కుతో పీల్చినప్పుడు ఆ చెయ్యి ముందుకు కదిలేలా రెండు మూడు రోజులు సాధన చేసి, ఆ తర్వాత ఫోనులో రికార్డు చేసుకుని ఆ ఒక్క అక్షరాన్ని వినండి.

ఇట్లు,
మీ తాతయ్య