నూటికి రూపాయి వడ్డీ, నిజంగా రూపాయేనా?

ఎం.కాం. చదువుతున్న ఒక అమ్మాయి ఈ మధ్య ఒక ప్రశ్న అడిగింది. వాళ్ల నాన్నగారికి లక్ష రూపాయలు అప్పు కావాలి. ఊళ్లో తెలిసినాయన నూటికి రూపాయి వడ్డీకి నోటు రాయించుకుని ఇస్తానన్నాడు. ఏడాది తిరిగాక అసలు, వడ్డీ కలిపి 1,12,000 కట్టాలి. ఫైనాన్స్ వాళ్లు చెప్పిందీ రూపాయి వడ్డీయే. కాకపోతే ఆ 1,12,000ని పన్నెండు కిస్తీలు చేసి నెలకు 9,333 రూపాయల 33 పైసలు కట్టమన్నారు. "రెండు చోట్లా కట్టేది ఒకటే కదండీ? నెలనెలా కట్టేస్తే టెన్షన్ కూడా ఉండదు" అంది.

ఒకటే కాదు. ఎందుకు కాదో తెలిస్తే ప్రస్తుత విలువ అనే పాఠం దాదాపు అర్థమైనట్టే.

నెలకు ఒక శాతం వడ్డీ వచ్చే చోట ఈరోజు 100 రూపాయలు పెడితే వచ్చే నెలకు 101 అవుతాయి. అంటే వచ్చే నెల అందే 101 ఈరోజు 100తో సమానం. ముందుకు వెళ్లడానికి 1.01తో గుణించాం, వెనక్కి రావడానికి 1.01తో భాగిస్తాం. రెండు నెలల దూరమైతే రెండుసార్లు, పన్నెండు నెలలైతే పన్నెండుసార్లు. చక్రవడ్డీని వెనక్కి నడిపించడమే డిస్కౌంటింగ్. సూత్రంలో PV అంటే ఈరోజు విలువ, అదే ప్రస్తుత విలువ. FV తర్వాత అందే మొత్తం, r నెల వడ్డీ రేటు, n నెలల సంఖ్య.

PV = FV / (1 + r)^n

తర్వాత వచ్చే డబ్బు విలువ ఈరోజు తక్కువ కావడానికి కారణం ధరలు పెరగడమే అని చాలామంది విద్యార్థులు రాస్తారు. ధరలు ఒక్క పైసా పెరగకపోయినా ఈ లెక్క ఉంటుంది. డబ్బు ముందే చేతిలో ఉంటే దాన్ని వడ్డీకి తిప్పవచ్చు, ఆలస్యంగా వస్తే ఆ అవకాశం పోతుంది. అసలు కారణం అది. ధరల పెరుగుదల వడ్డీ రేటును పెంచుతుంది, అంతే.

ఇప్పుడు రెండు అప్పులనూ నెలకు 1 శాతం చొప్పున ఈరోజుకు తెద్దాం. నోటు అప్పులో కట్టేది ఒక్కసారే, పన్నెండో నెల చివర. 1,12,000ని 1.01తో పన్నెండుసార్లు భాగిస్తే 99,394 వస్తుంది. చేతికి అందేది లక్ష కాబట్టి ఆ నాన్నగారికి ఆరొందల పైచిలుకు మిగులే. అది బారువడ్డీ కావడం వల్ల వచ్చిన మిగులు.

కిస్తీల్లో మొదటిది నెల దూరంలో ఉంది, దాని ఈరోజు విలువ 9,241. రెండోది 9,149. అలా తగ్గుతూ పన్నెండోది 8,283 అవుతుంది. పన్నెండూ కూడితే 1,05,047. లక్ష తీసుకుని, ఈరోజు విలువలో లక్షా ఐదు వేలకు పైగా తిరిగిస్తున్నారన్నమాట.

ఈ ఐదు వేలు ఎక్కడ దూరాయి? ప్రతి కిస్తీలో 8,333 అసలు, 1,000 వడ్డీ. ఆరు కిస్తీలు కట్టేసరికి అసలు సగం తీరిపోయింది, మిగిలింది 50,000. వడ్డీ మాత్రం అదే 1,000, అంటే ఏడో నెలలో నూటికి రెండు రూపాయలు. చివరి నెలలో మిగిలిన అసలు 8,333 మాత్రమే. దాని మీద 1,000 అంటే ఆ ఒక్క నెలకే నూటికి పన్నెండు! తిరిగి ఇచ్చేసిన అసలు మీద కూడా వడ్డీ కడుతూనే ఉన్నాం. దీన్నే ఫ్లాట్ రేటు అంటారు. మిగిలిన బాకీ మీదే రూపాయి వడ్డీ వేస్తే కిస్తీ 8,885 చాలు, ఏడాది వడ్డీ మొత్తం 6,619.

మరి నిజమైన వడ్డీ రేటెంత? పన్నెండు కిస్తీల ప్రస్తుత విలువ సరిగ్గా లక్ష అయ్యే రేటు ఏదో, అదే. చేత్తో తీయాలంటే ఒక రేటు ఊహించి, సరిచూసి, సవరించుకుంటూ పోవాలి. ఎక్సెల్‌లో ఒక్క వరుస:

```
=RATE(12,-9333.33,100000)
```

కిస్తీ ముందు మైనస్ మరిచిపోతే జవాబు రాదు, ఎందుకంటే వచ్చే డబ్బుకీ పోయే డబ్బుకీ గుర్తులు వేరుగా ఉండాలి. ఇంకో చిక్కు, గడిలో 2% అని కనిపిస్తుంది. దశాంశ స్థానాలు పెంచి చూడండి, 1.79% ఉంటుంది. అది నెలకు. పన్నెండుతో గుణిస్తే ఏడాదికి దాదాపు 21.5 శాతం. నెల రేటును ఏడాది రేటనుకుని రాసేయడం పరీక్ష పేపర్లలో నేను ఎక్కువగా చూసే తప్పు.

ఒకటి మాత్రం గుర్తుంచుకోవాలి. ఆ 1,05,047 మనం 1 శాతం ఎంచుకున్నందుకు వచ్చింది. నోటు ఇచ్చే ఆయనే లేడనుకుందాం. ఆ నాన్నగారికి ఇంకెక్కడా నెలకు రెండు శాతానికి తక్కువ అప్పు పుట్టదనుకుందాం. అప్పుడు రెండు శాతంతోనే డిస్కౌంట్ చేయాలి. అవే కిస్తీల విలువ 98,703కి దిగుతుంది, లక్ష కంటే తక్కువ. అప్పుడు ఫైనాన్స్ వాళ్ల దగ్గర తీసుకోవడమే ఆయనకు లాభం.