రోజుకు అయిదు వేలు: ఆ అంకె ఎంతవరకు నిలుస్తుంది?

కర్నూలులో ఒకాయన దుకాణం కట్టించుకుంటున్నాడనుకుందాం. గడువు దాటితే రోజుకు రూ. 5,000 కట్టాలని అగ్రిమెంటులో ఉంది. కాంట్రాక్టరు 60 రోజులు ఆలస్యం చేశాడు. లెక్క రూ. 3 లక్షలు తేలింది. సంతకం పెట్టాడు కాబట్టి అంతా కట్టాల్సిందేనా?

ఇంగ్లండు కోర్టులు ఇలాంటి మొత్తాలను రెండుగా విడదీసేవి. నష్టాన్ని ముందే నిజాయితీగా అంచనా కట్టి రాసుకుంటే అది లిక్విడేటెడ్ డ్యామేజెస్, మొత్తంగా చెల్లేది. ఎదుటివాణ్ణి భయపెట్టడానికి రాస్తే పెనాల్టీ, చెల్లేది కాదు. 1872 నాటి మన కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ఆ గొడవ పెట్టుకోలేదు. 1899 సవరణతో పెనాల్టీ షరతులూ అందులోకే వచ్చాయి. పేరు ఏదైనా, రాసుకున్న మొత్తం పైహద్దు మాత్రమే. దానికి లోబడి కోర్టు సమంజసమైన పరిహారం ఇప్పిస్తుంది.

పేచీ అంతా అదే సెక్షన్‌లోని ఇంకో మాట మీద నడిచింది: నష్టం రుజువైనా, కాకపోయినా పరిహారం ఇవ్వవచ్చు. అంటే రుజువే అక్కర్లేదా? మౌలా బక్స్ కేసులో సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేయాల్సిన వ్యక్తి డిపాజిట్టు రూ. 18,500 ప్రభుత్వం జప్తు చేసుకుంది. 1969లో సుప్రీంకోర్టు అది చెల్లదంది. వేరేచోట ఎంతకు కొన్నారో చూపిస్తే నష్టం తేలేది, ప్రభుత్వం చూపలేదు. 2003లో సా పైప్స్ కేసులో మొగ్గు మారింది. నష్టం లెక్కకు అందని పనుల్లో ముందే నిజాయితీగా అంచనా వేసి రాసుకున్న మొత్తాన్నే ఇప్పించవచ్చని, అది సమంజసం కాదనేవాడే ఆ మాట నిరూపించాలని కోర్టు చెప్పింది. 2015లో కైలాష్‌నాథ్ కేసు ఈ రెండిటినీ కలిపి హద్దు గీసింది. అసలు నష్టమే లేకపోతే పరిహారమూ లేదు. నష్టం తేల్చడానికి వీలైనచోట రుజువు చేయాలి, వీలుకానిచోటే రాసుకున్న అంకె నిలుస్తుంది.

కె.సి. కాలువ తూము మరమ్మతు ఆలస్యమైతే ఏ రైతుకు ఎంత పోయిందో విడివిడిగా తేల్చడం దాదాపు అసాధ్యం. అక్కడ రోజువారీ మొత్తానికి బలం ఎక్కువ. కర్నూలు దుకాణం సంగతి అలా కాదు. నెలకు రూ. 40,000 అద్దెకు ముందే మాట్లాడుకుని ఉంటే, రెండు నెలలకు పోయింది రూ. 80,000. శ్లాబు బిల్లు యజమాని చెల్లించక 20 రోజులు పని ఆగిపోయి ఉంటే ఆ రోజులూ తీసేయాలి. మిగిలిన 40 రోజులకు దాదాపు రూ. 53,000 వస్తుంది. అద్దె తప్ప వేరే నష్టం చూపలేకపోతే మూడు లక్షలు రాబట్టడం కష్టం.

చాలామంది మరిచేది 55వ సెక్షన్. గడువే ముఖ్యమని రాసుకున్న ఒప్పందంలో, ఆలస్యమైన పనిని ఒప్పుకుని తాళాలు తీసుకునేటప్పుడే పరిహారం అడుగుతానని నోటీసు ఇవ్వాలి. ఏమీ అనకుండా తీసుకుని, ఆర్నెల్ల తరువాత ఆఖరి బిల్లులో కోత పెడితే ఆ కోత నిలవడం కష్టం. నోటీసు కాగితం మీద ఇచ్చి, అందినట్టు సంతకం తీసుకోవాలి.