కణం పగిలితే కార్బన్ ఎటు పోతుంది?

గుంటూరు నుంచి ఆదివారాలు సూర్యలంక వెళ్లేవాళ్లకు అలల అంచున నిలిచే లేత గోధుమరంగు నురగ తెలిసే ఉంటుంది. గాలి జోరుగా ఉన్న రోజు అది ఇసుక మీద మడతలు మడతలుగా పేరుకుంటుంది. వేలితో తీస్తే వెంటనే పగలదు, కాసేపు వేలికే అంటుకుని ఉంటుంది. ఉత్త ఉప్పునీటికి అంతసేపు నురగ నిలబెట్టే గుణం లేదు. నీటిలో కరిగి ఉన్న ప్రోటీన్లు, కొవ్వులు, చక్కెరలు బుడగ చుట్టూ పొరలా చేరడం వల్లే అది నిలుస్తుంది. ఇవన్నీ సముద్రంలోకి ఎలా వచ్చాయంటే, కొంత నాచు జాతుల నుంచి నేరుగా కారింది, కొంత జీవులు తిని వదిలింది. చెప్పుకోదగ్గ వాటా మాత్రం సూక్ష్మజీవుల కణాలు పగలడం వల్ల వచ్చింది. వాటిని పగలగొట్టేవి వైరస్‌లు.

ఈ మాట చెప్పగానే మా విద్యార్థులు ప్రతిసారీ ఒకటే అడుగుతారు: "సార్, మరి ఆ నీళ్లలో స్నానం చేస్తే ఏమీ కాదా?" ఏమీ కాదు. సముద్రంలోని వైరస్‌లలో అత్యధిక భాగం ఫేజ్‌లు, అంటే బ్యాక్టీరియాకు మాత్రమే సోకే వైరస్‌లు. మన కణాలను పట్టుకునే ఏర్పాటే వాటికి లేదు. ఒక్కో ఫేజ్ ఏదో ఒక బ్యాక్టీరియా జాతికి, చాలాసార్లు ఆ జాతిలోనూ కొన్ని రకాలకే పరిమితం.

సముద్రపు పైనీటిలో ఒక మిల్లీలీటరు తీసుకుంటే అందులో సుమారు పది లక్షల బ్యాక్టీరియా, సుమారు కోటి వైరస్‌లు ఉంటాయి. ఈ సంగతి బయటపడి ఎంతో కాలం కాలేదు. 1989లో నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం పరిశోధకులు నీటి నమూనాలను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెట్టి లెక్కించేదాకా, సముద్రంలో వైరస్‌లు ఉన్నా లెక్కలోకి రానన్నే అని అందరూ అనుకునేవారు. అప్పటివరకు వాడిన పద్ధతి అలాంటిది. పెట్రీ డిష్‌లో ఒక బ్యాక్టీరియాను పెంచి, దాన్ని చంపిన వైరస్‌లనే లెక్కపెట్టేవారు. సముద్రపు బ్యాక్టీరియాలో చాలా మటుకు డిష్‌లో పెరగనే పెరగవు. ఇక వాటి వైరస్‌లు కనిపించేదెలా?

ఇప్పుడు ఒక్క కణాన్ని దగ్గరగా చూద్దాం. సినెకోకాకస్ అనే బ్యాక్టీరియా ఉంది. ఒక మైక్రాన్ అటూఇటూ సైజు, బంగాళాఖాతం పైనీటిలో మామూలుగా ఉండేదే, మొక్కలాగే ఎండతో ఆహారం తయారుచేసుకుంటుంది. తోకున్న ఒక ఫేజ్ వచ్చి దాని పైపొరకు అతుక్కుని, తన డీఎన్ఏను లోపలికి పంపుతుంది. అక్కడినుంచి కణంలోని యంత్రాంగమంతా ఫేజ్ పిల్లల తయారీకి మళ్లిపోతుంది. ఇందులో నన్ను ఎప్పుడూ ఆశ్చర్యపరిచే సంగతి ఒకటుంది. ఎండలో కిరణజన్య సంయోగక్రియ సాగాలంటే డి1 అనే ప్రోటీన్ ఎప్పటికప్పుడు కొత్తది తయారవుతూ ఉండాలి, ఎందుకంటే వెలుతురే దాన్ని పాడుచేస్తుంది. ఫేజ్ సోకిన కణం తన సొంత ప్రోటీన్ల తయారీ తగ్గించేస్తుంది కాబట్టి డి1 అయిపోయి శక్తి ఆగిపోవాలి. అలా ఆగదు. ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువు ఫేజ్ దగ్గరే ఉంది. ఆతిథ్యమిచ్చే బ్యాక్టీరియా నుంచి ఎప్పుడో సంపాదించుకున్న psbA జన్యువును అది వెంట తెచ్చుకుంటుంది. 2003లో ఈ సంగతి ప్రకటించారు. చావబోయే కణం చివరిదాకా ఎండను పట్టుకుంటూనే ఉంటుంది, ఆ శక్తి మాత్రం వైరస్‌కు పోతుంది.

కొన్ని గంటల తర్వాత పిల్లలు తయారవుతాయి. హోలిన్ అనే ప్రోటీన్ కణం లోపలిపొరకు చిల్లులు పెడుతుంది, ఆ చిల్లుల గుండా ఒక ఎంజైమ్ వెళ్లి గోడను కోస్తుంది. లోపలి ఒత్తిడికి గోడ ఆగలేక కణం పగులుతుంది. దీన్నే లైసిస్ అంటారు. బయటికి ఇరవై ముప్పై ఫేజ్‌లు వస్తాయి, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. వాటితో పాటు కణంలో ఉన్న ప్రోటీన్లు, అమైనో ఆమ్లాలు, పొరల ముక్కలు, ఇనుము, అన్నీ నీటిలో కలుస్తాయి. కొత్త ఫేజ్‌లు పట్టుకెళ్లే కార్బన్ చాలా కొంచెం. మిగతా సరుకంతా నీటిదే.

ఇదే కణాన్ని ఫ్లాజెల్లేట్ అనే ఏకకణ జీవి తిని ఉంటే కథ వేరుగా ఉండేది. ఫ్లాజెల్లేట్‌ను సీలియేట్ అనే ఇంకో ఏకకణ జీవి, దాన్ని కోపిపాడ్ అనే చిన్న రొయ్యజాతి జీవి, దాన్ని చేపపిల్ల తింటాయి. మెట్టు మెట్టుకీ చాలా భాగం ఊపిరిలో పోయినా, కొంత కార్బన్ పైకి చేరుతుంది. కణం పగిలితే ఆ దారి మూతపడుతుంది. మిర్చి యార్డులో బస్తా లారీ ఎక్కితే సరుకు ఊరు దాటుతుంది, అక్కడే చిరిగితే సరుకంతా యార్డు నేల మీదే ఉండిపోతుంది, అలాంటిదే ఇది. కరిగిన పదార్థాన్ని చేప తినలేదు, కోపిపాడ్ తినలేదు. దాన్ని పీల్చుకోగలిగేది మళ్లీ బ్యాక్టీరియానే. 1999లో విల్‌హెల్మ్, సటిల్ అనే శాస్త్రవేత్తలు ఈ దారి మళ్లింపును వైరల్ షంట్‌గా వివరించారు. కిరణజన్య సంయోగక్రియలో పట్టుబడిన కార్బన్‌లో 6 నుంచి 26 శాతం దాకా ఇలా మళ్లుతుందని వాళ్ల అంచనా.

అసలు ఎన్ని కణాలు పగులుతున్నాయో ఎలా తెలుస్తుంది? ఒక పద్ధతి చెబుతాను, లెక్క తేలిగ్గా అర్థమవుతుంది. తాజా సముద్రపు నీటిలోంచి వడపోతతో వైరస్‌లను వీలైనంత తీసేస్తారు, బ్యాక్టీరియాను ఉంచుతారు. కొత్తగా సోకడానికి వైరస్‌లు పెద్దగా లేవు కనుక, తర్వాత పుట్టుకొచ్చే వైరస్‌లన్నీ అప్పటికే సోకి ఉన్న కణాలు పగలగా వచ్చినవే. రెండు మూడు గంటలకోసారి కొద్దిగా నీరు తీసి, డీఎన్ఏకి అంటే రంగు కలిపి, నీలి వెలుతురు కింద మైక్రోస్కోప్‌లో చూస్తారు. నల్లటి నేపథ్యంలో బ్యాక్టీరియా పెద్ద పచ్చటి చుక్కలుగా, వైరస్‌లు సూదిమొనంత చుక్కలుగా మెరుస్తాయి. ఉదాహరణకు మిల్లీలీటరుకు గంటకి రెండు లక్షల చొప్పున వైరస్‌లు పెరిగాయనుకుందాం. ఒక్కో కణం నుంచి 24 వస్తాయనుకుంటే గంటకి ఎనిమిది వేల పైచిలుకు కణాలు పగిలాయన్నమాట. రోజుకి రెండు లక్షలు. ఉన్న పది లక్షల బ్యాక్టీరియాలో అయిదో వంతు! రోజుకి 20 శాతం దరిదాపుల్లో అనే అంచనా చాలాచోట్ల వచ్చింది కూడా.

ఈ లెక్కలో బలహీనమైన చోటు ఆ 24. అది 48 అయితే చావులు సగానికి పడిపోతాయి. పైగా మెరిసే ప్రతి చుక్కా వైరస్ కాదు. కొన్ని బ్యాక్టీరియా తమ పొరలోంచి వదిలే చిన్న సంచుల్లోనూ డీఎన్ఏ ఉంటుంది, అవీ మెరుస్తాయి. ఆర్ఎన్ఏ వైరస్‌లు మాత్రం సరిగా మెరవవు. అందుకే ఈ అంకెలను ఒక్క పద్ధతితో తేల్చరు, ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో కణాల లోపల తయారై కూర్చున్న ఫేజ్‌లనూ లెక్కపెట్టి పోల్చుకుంటారు.

రోజుకి మిల్లీలీటరులో రెండు లక్షలు అన్న అంకెనే పట్టుకుని సూర్యలంక నుంచి దూరంగా, లోతైన నీటి దగ్గరికి వెళ్దాం. పైనున్న 50 మీటర్ల నీటిలో ఒక చదరపు కిలోమీటరు మేర లెక్కవేస్తే, ఒక్కో బ్యాక్టీరియాలో ఉండే కార్బన్‌ను మామూలుగా వాడే విలువతో గుణిస్తే, రోజుకి సుమారు 200 కిలోల కార్బన్ పగిలిన కణాల నుంచి నీటిలోకి వస్తుంది. మిగతా బ్యాక్టీరియా దాన్నంతా పీల్చుకుందనుకుందాం. తిన్నదాంట్లో అయిదో వంతు ఒంటికి పట్టి, మిగతాది ఊపిరిలో పోతుందని అనుకుంటే, 40 కిలోలు కొత్త కణాలవుతాయి, 160 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా నీటిలో కలుస్తాయి.

ఇక్కడితో ఆపితే ఇదంతా వృథా అనిపిస్తుంది. కానీ నైట్రోజన్‌ను చూడాలి. బ్యాక్టీరియా కణంలో కార్బన్‌కు అయిదో వంతు నైట్రోజన్ ఉంటుంది. అంటే 200 కిలోల కార్బన్‌తో పాటు 40 కిలోల నైట్రోజన్ కూడా వచ్చింది. కొత్త కణాలకు అందులో 8 కిలోలు చాలు. మిగిలిన 30 కిలోల పైచిలుకు అమ్మోనియంగా బయటపడుతుంది. ఎండతో బతికే నాచు, సినెకోకాకస్ లాంటివి దీన్ని వెంటనే తీసుకుంటాయి. ఒక కిలో నైట్రోజన్ దొరికితే అవి అయిదారు కిలోల కార్బన్‌ను పట్టగలవు. 30 కిలోలతో దాదాపు 170 కిలోలు! ఊపిరిలో పోయిన 160 కిలోలు తిరిగి పట్టుబడినట్టే. ఇది కాగితం మీద లెక్కే, నిజమైన సముద్రపు నీటిలో కొంత అటూఇటూ జారుతుంది. కరిగినదాంట్లో కొన్ని పదార్థాలు బ్యాక్టీరియాకు అరగక ఏళ్లతరబడి మిగులుతాయి కూడా. అయినా కార్బన్ పైనీటిలోనే ఎలా గిరగిర తిరుగుతుందో దీనివల్ల తెలుస్తుంది.

బంగాళాఖాతానికి ఈ తిరుగుడు మరీ అవసరం. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చే మంచినీరు, దానికి తోడు వానలు, ఉప్పునీటి మీద తేలికైన పొరగా పరుచుకుంటాయి. గాలి ఆ పొరను అంత సులువుగా కలపలేదు, అందుకని అడుగునున్న నైట్రేట్ పైకి రావడం కష్టం. కొత్త ఎరువు రానప్పుడు ఉన్నదాన్నే మళ్లీ మళ్లీ వాడుకోవాలి. ఆ పని చేసేవాటిలో ఫేజ్‌లు ఒకటి.

అయితే పగిలిన ప్రతి కణమూ పైనే ఉండిపోతుందని చెప్పలేం. లోపలి సరుకు జిగురుగా ఉంటుంది. ఆ జిగురుకి ముక్కలన్నీ అతుక్కుని పెద్ద రేణువులైతే అవి కిందికి దిగుతాయి, అప్పుడు కార్బన్ లోతుకు పోతుంది. తారా ఓషన్స్ అనే సముద్ర పరిశోధన యాత్ర నమూనాలతో 2016లో చేసిన విశ్లేషణలో, పోషకాలు తక్కువున్న సముద్రాల్లో లోతుకు దిగే కార్బన్‌తో సినెకోకాకస్ ఫేజ్‌లకు దగ్గర సంబంధం కనిపించింది. అది సంబంధమే, కారణమని రుజువు కాదు, కానీ షంట్ ఒక్కటే కథ కాదని మాత్రం చెప్పింది.

జిగురు ముక్కలు మునగాలంటే బరువు కావాలి. భారత, జర్మన్ శాస్త్రవేత్తలు 1980ల చివర్లో బంగాళాఖాతం లోతుల్లో రేణువులను పట్టే ఉచ్చులు వేలాడదీసినప్పుడు, నదుల నీరు ఎక్కువగా వచ్చే కాలంలో పడే సరుకు పెరగడం గమనించారు. నది మట్టి జీవపదార్థానికి బరువై దాన్ని త్వరగా దించుతోందని వాళ్లు వివరించారు. మన కృష్ణ మట్టి మాత్రం ఇప్పుడు చాలావరకు శ్రీశైలం, నాగార్జునసాగర్ వెనకే ఆగిపోతోంది. ప్రకాశం బ్యారేజీ దాటి హంసలదీవి దగ్గర సముద్రంలో కలిసేది ఒకప్పటి దాంట్లో కొద్ది భాగమే. మన తీరం ముందు ఫేజ్‌లు పగలగొట్టిన కణాల్లో ఎంత భాగం మునుగుతోంది, ఎంత పైనే తిరుగుతోంది అని అడిగేవాళ్లు ఈ మట్టి లెక్కను కూడా పక్కన పెట్టుకోవాల్సిందే.