రొటేషన్ మార్చమని హెచ్‌ఓడీకి లెటర్: పీజీల్లో ఉన్న అపోహలు, వాస్తవాలు

మా డిపార్ట్‌మెంట్‌లో జనరల్ మెడిసిన్ పీజీల రొటేషన్ చార్ట్ వేసేది నేనే. హెచ్‌ఓడీ దగ్గరికి వెళ్లిన ప్రతి రిక్వెస్ట్ లెటర్ "ఇది కుదురుతుందేమో చూడండి" అన్న మాటతో మళ్లీ నా టేబుల్ మీదికి వస్తుంది. నిజంగా అవసరం ఉన్న పిల్లల లెటర్లు కూడా రాసిన తీరు వల్ల తిరిగి వెళ్లిపోతుంటాయి, అది చూస్తే నాకు బాధగా ఉంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఎన్ని కారణాలు రాస్తే అంత బలం.

వాస్తవం: నాన్నగారి ఆరోగ్యం, హాస్టల్ దూరం, థీసిస్, నడుం నొప్పి నాలుగూ ఒకే లెటర్‌లో ఉంటే చదివేవాళ్లకి అసలు కారణం ఏదో తెలియదు. పైగా అందులో బలహీనమైనదాన్ని పట్టుకుని మొత్తం వద్దనడం చాలా తేలిక. ఒక్క కారణం చాలు, కాకపోతే దాన్ని కాగితం మీద చూపించగలగాలి.

రెండో ఏడాది పీజీ ఒకబ్బాయి ఉన్నాడనుకుందాం. థీసిస్ డెంగీ మీద. ఎథిక్స్ కమిటీ ఒప్పుకున్న శాంపిల్ 80 మంది. పోయిన వానాకాలంలో 46 మంది దొరికారు, ఇంకా 34 కావాలి. చార్ట్‌లో చూస్తే ఆగస్టు కార్డియాలజీ, సెప్టెంబర్ నెఫ్రాలజీ పడ్డాయి. హైదరాబాద్‌లో డెంగీ వానలతో పెరిగి చలి ముదిరేసరికి తగ్గుతుంది, నల్లకుంట ఫీవర్ హాస్పిటల్ ఓపీలో క్యూ పెరిగే ఆ రోజులే ఇతనికి సీజన్. ఇంకో వానాకాలం ఉంది కదా అనుకోడానికి లేదు, థీసిస్‌ని ఫైనల్ పరీక్షకి కనీసం ఆరు నెలల ముందే సబ్మిట్ చేయాలి, కాబట్టి వచ్చే సీజన్ నాటికి అది యూనివర్సిటీకి వెళ్లిపోయి ఉంటుంది.

ఇతను "థీసిస్ వర్క్ ఉన్నందున రొటేషన్ మార్చగలరు" అని ఒక్క లైన్ రాస్తే నేను కూడా పక్కన పెడతాను, థీసిస్ అందరికీ ఉంది కనుక. అదే 80, 46, 34 అన్న మూడు అంకెలు, సీజన్, సబ్మిషన్ తేదీ, కింద గైడ్ సంతకం ఉంటే ఇక అడగడానికి పెద్దగా ఏమీ మిగలదు.

ఒక ప్రశ్న మాత్రం హెచ్‌ఓడీ తప్పకుండా వేస్తారు: "కార్డియాలజీలో ఉంటూనే సాయంత్రం వచ్చి కేసులు తీసుకోవచ్చుగా?" దీనికి జవాబు లెటర్‌లోనే ఉండాలి. డెంగీలో ప్లాస్మా లీకయ్యే ప్రమాదపు దశ సాధారణంగా జ్వరం మొదలైన మూడో రోజు నుంచి ఏడో రోజు మధ్య, చాలాసార్లు జ్వరం తగ్గుతున్నప్పుడే వస్తుంది. ఇతని స్టడీకి అడ్మిషన్ రోజున కన్సెంట్ కావాలి, ఆ తర్వాత రోజూ హెమటోక్రిట్ చూడాలి. సీసీయూలో 24 గంటల డ్యూటీలో ఉన్నవాడు మధ్యాహ్నం వార్డులో చేరిన పేషెంట్‌ని మర్నాడు చూస్తే మొదటి రోజు విలువలు పోయినట్టే. జూనియర్‌తో కన్సెంట్ తీయించవచ్చు అంటారా, ఆ జూనియర్ పేరు ఎథిక్స్ కమిటీకి ఇచ్చిన ప్రోటోకాల్‌లో ఉండాలి, లేకపోతే ముందు అమెండ్‌మెంట్ పెట్టాలి.

లెటర్ మనం ఇంగ్లీషులోనే రాస్తాం, సారాంశం మాత్రం ఇలా ఉంటే సరిపోతుంది:

"మేడమ్, ఆగస్టు, సెప్టెంబర్‌లలో నాకున్న కార్డియాలజీ, నెఫ్రాలజీ పోస్టింగులను డిసెంబర్, జనవరికి మార్చవలసిందిగా కోరుతున్నాను. నా థీసిస్‌కి 80 మందిలో 34 మంది ఇంకా కావాలి, డెంగీ కేసులు ఈ సీజన్‌లోనే వస్తాయి, అడ్మిషన్ రోజే కన్సెంట్ తీసుకోవాలి కాబట్టి వేరే పోస్టింగ్‌లో ఉంటూ చేయడం కుదరదు. డిసెంబర్, జనవరిలో అవే పోస్టింగులు ఉన్న నా బ్యాచ్‌మేట్ మార్చుకోవడానికి ఒప్పుకున్నారు. ఆగస్టు, సెప్టెంబర్‌లలో ఆమె వార్డు డ్యూటీలు, నైట్లు నేను చేస్తాను. డిసెంబర్, జనవరిలో నావి ఆమె చేస్తారు. రెండు నెలలూ వీలుకాకపోతే సెప్టెంబర్ ఒక్కటి మార్చినా నాకు ఉపయోగపడుతుంది. గైడ్ సంతకం, బ్యాచ్‌మేట్ సంతకం, ఎథిక్స్ కమిటీ లెటర్ కాపీ జత చేశాను."

ఆ చివర్లో "సెప్టెంబర్ ఒక్కటైనా" అన్న మాట చాలామంది రాయరు. ఒప్పుకోవడం లేదా కాదనడం, ఈ రెండు దారులే ఉంచితే చార్ట్ ఇరుకుగా ఉన్న ఏడాది కాదనే అంటారు.

అపోహ: స్వాప్‌కి ఫ్రెండ్ ఒప్పుకుంటే పని అయిపోయినట్టే.

వాస్తవం: వాట్సాప్‌లో "ఓకే రా" అన్నది నాకు చాలదు, సంతకం కావాలి. ఆమె ఆ నెలల్లో ముందే లీవ్ పెట్టి ఉందా, ఆమె గర్భవతి అయితే క్యాథ్ ల్యాబ్ రేడియేషన్ విషయం ఏమిటి, ఇవన్నీ ఇద్దరూ మాట్లాడుకునే రావాలి. స్వాప్ తర్వాత ఇద్దరికీ కార్డియాలజీ, నెఫ్రాలజీలు అన్నే వారాలు ఉండాలి, ఒక్క వారం తగ్గినా పరీక్షకి ముందు లాగ్‌బుక్ సంతకాల దగ్గర ఆగిపోతారు. ఇంకోటి, డిసెంబర్‌లో కార్డియాలజీలో మన పీజీలు ఇద్దరు ఉండి ఆగస్టులో ఎవరూ లేకపోతే ఆ డిపార్ట్‌మెంట్ వాళ్లు ఊరుకోరు. ఒకరి స్థానంలో ఒకరు సరిగ్గా వెళ్తేనే గొడవ ఉండదు. అందుకే కనీసం నెలా నెలన్నర ముందు అడగమంటాను, నైట్ రోస్టర్ బయటికొచ్చాక ఒక్క పేరు కదిపితే నలుగురి డ్యూటీలు కదులుతాయి.

అపోహ: హెచ్‌ఓడీ తలుచుకుంటే ఏ పోస్టింగ్ అయినా మారుతుంది.

వాస్తవం: సొంత డిపార్ట్‌మెంట్ యూనిట్ల మధ్య అయితే హెచ్‌ఓడీ సంతకం చాలు. వేరే డిపార్ట్‌మెంట్ అయితే అక్కడి హెచ్‌ఓడీ కూడా సరేననాలి. డిస్ట్రిక్ట్ రెసిడెన్సీ అలా కాదు, ఆ మూడు నెలలు మూడు, నాలుగు, ఐదు సెమిస్టర్లలో ఎప్పుడో ఒకప్పుడు తప్పనిసరిగా చేయాల్సినవి, పైగా బ్యాచ్‌ల కేటాయింపు కాలేజీ బయట కూడా నడుస్తుంది. మీ క్లాష్ దానితో అయితే హెచ్‌ఓడీ చేత ఫార్వర్డ్ చేయించి, ప్రిన్సిపాల్ ద్వారా కోఆర్డినేటర్‌కి పంపించాలి, అదీ బ్యాచ్ లిస్టులు రాకముందే.

అపోహ: యూనిట్‌లో వేధింపులు ఉంటే "వ్యక్తిగత కారణాలు" అని రాసి మెల్లగా బయటపడటం మంచిది.

వాస్తవం: ఈ మాట నేను గట్టిగానే చెప్తాను. అలా రాస్తే రికార్డులో మీ వ్యక్తిగత కారణమే మిగులుతుంది, ఆ యూనిట్‌కి తర్వాత వచ్చే జూనియర్‌కి కూడా అదే జరుగుతుంది. ర్యాగింగ్ అయితే యాంటీ ర్యాగింగ్ కమిటీకి, లైంగిక వేధింపులు అయితే ఇంటర్నల్ కమిటీకి వేరుగా ఫిర్యాదు ఇవ్వాలి. విచారణ నడుస్తుండగా వేరే యూనిట్‌కి మార్చమని ఆ ఫిర్యాదులోనే అడగవచ్చు. అలాంటప్పుడు స్వాప్‌కి మనిషిని వెతుక్కోవడం మీ పని కాదమ్మా, ఆ సర్దుబాటు డిపార్ట్‌మెంటే చేయాలి.

అపోహ: మేడమ్ "సరే, చూద్దాం" అన్నారు కాబట్టి అయిపోయింది.

వాస్తవం: రౌండ్స్ మధ్యలో అన్న మాట అది, సాయంత్రానికి ఆవిడకి గుర్తుంటుందో లేదో. లెటర్ మీద సంతకం పడి, సవరించిన చార్ట్ కాపీ కార్డియాలజీకి, నెఫ్రాలజీకి, పీజీ సెక్షన్‌కి చేరేదాకా పాత చార్టే చెల్లుతుంది. అది చేరకపోతే ఆగస్టు ఒకటిన కార్డియాలజీ రిజిస్టర్‌లో మీ పేరు పక్కన ఆబ్సెంట్ పడుతుంది, మీరు వార్డులో నైట్ చేస్తున్నా సరే. 80 శాతం అటెండెన్స్ లెక్క కట్టే రోజున ఆ నెలంతా మీరెక్కడున్నారో మీరే నిరూపించుకోవాల్సి వస్తుంది. ఆ ఆర్డర్ కాపీ ఒకటి లాగ్‌బుక్‌లోనే అతికించి పెట్టుకోండి.