బీడీ మానేసిన వారంలో క్లోజపిన్: ఒక పాఠం వెనుక చరిత్ర

స్కిజోఫ్రీనియా అనే మానసిక జబ్బుకు ఇచ్చే క్లోజపిన్ వాడుతున్న మనిషి ఉన్నట్టుండి బీడీలు మానేస్తే, మాత్ర ఒక్కటి కూడా పెంచకపోయినా వారం తిరిగేసరికి రక్తంలో మందు స్థాయి ఒకటిన్నర రెట్లు, కొందరిలో అంతకంటే ఎక్కువ అవుతుంది. ఫార్మసీలో పనిచేసే ప్రతి ఒక్కరికీ ఇది కంఠతా రావాలి. అయినా చాలా ఏళ్లు ఈ విషయం పుస్తకాల్లోనే ఉండిపోయింది, వార్డు దాకా రాలేదు. ఎందుకు రాలేదో తెలియాలంటే ఆ మందు చరిత్రలోకి వెళ్లాలి.

స్విట్జర్లాండ్‌లోని బెర్న్‌లో వాండర్ కంపెనీ 1950ల చివర్లో క్లోజపిన్‌ను తయారుచేసింది. 1970ల మొదట్లో యూరప్ మార్కెట్‌లోకి వచ్చింది. ఆ జబ్బుకు వాడే మిగతా మందుల్లా చేతులు వణకడం, ఒళ్లు బిగుసుకుపోవడం దీనితో పెద్దగా ఉండవు కాబట్టి డాక్టర్లు ఆశపడ్డారు. 1975లో ఫిన్లాండ్ నుంచి పిడుగులాంటి వార్త వచ్చింది. మందు వాడినవారిలో కొందరికి తెల్లరక్తకణాలు పడిపోయాయి, పలువురు చనిపోయారు. చాలా దేశాలు మందును పక్కన పెట్టాయి. 1988లో జాన్ కేన్ బృందం అమెరికాలో చేసిన ట్రయల్‌తో అది మళ్లీ ప్రాణం పోసుకుంది. వేరే మందులకు లొంగని స్కిజోఫ్రీనియాలో క్లోజపిన్ తీసుకున్నవారిలో 30 శాతం మంది మెరుగుపడితే, పాత మందు క్లోర్‌ప్రోమజైన్ తీసుకున్నవారిలో 4 శాతమే మెరుగుపడ్డారు. 1989లో అమెరికా అనుమతి ఇచ్చింది, వారం వారం తెల్లకణాల లెక్క చూడాలన్న షరతుతో.

ఆ షరతు చాలామందిని కాపాడింది. కాకపోతే అందరి చూపూ ఆ ఒక్క రిపోర్టు మీదే నిలిచిపోయింది. వారం వారం రోగి చేతికి సూది గుచ్చుతున్నాం, తెల్లకణాలు లెక్కబెడుతున్నాం, అదే రక్తంలో మందు ఎంత ఉందో మాత్రం అడగడం లేదు. నా దృష్టిలో అసలు లోపం ఇదే. మందు స్థాయి కొలవడం అప్పటికి కొత్త సంగతేమీ కాదు. లిథియం అలాగే వాడేవారు. డిప్రెషన్ మందు నార్ట్రిప్టిలిన్ రక్తంలో మిల్లీలీటరుకు 50 నుంచి 150 నానోగ్రాముల మధ్య ఉంటేనే బాగా పనిచేస్తుందని, అంతకు మించినా ఫలితం తగ్గుతుందని 1971లోనే స్వీడన్‌లో చూపించారు. క్లోజపిన్ విషయంలో 1991లో పెర్రీ బృందం ఒక అంకె ఇచ్చింది. మిల్లీలీటరుకు 350 నానోగ్రాములు దాటినవారిలో 64 శాతం మందికి గుణం కనిపిస్తే, దాటనివారిలో 22 శాతానికే కనిపించింది. 29 మందితో చేసిన చిన్న అధ్యయనమే అయినా ఆ 350 ఇప్పటికీ కింది గీతగా నిలిచింది. పై గీత సుమారు 600. 1000 దాటితే హెచ్చరికే.

ఇక పొగ సంగతి. కాలేయంలో మందులను విరగ్గొట్టే ఎంజైముల కుటుంబానికి పీ450 అనే పేరును 1962లో జపాన్ శాస్త్రవేత్తలు ఒమురా, సాటో ఖాయం చేశారు. అందులో CYP1A2 అనే సభ్యుడే క్లోజపిన్‌ను ప్రధానంగా ఖర్చు చేస్తాడని 1990ల మధ్యకు తేలింది. పొగాకు కాలినప్పుడు పుట్టే పాలీసైక్లిక్ హైడ్రోకార్బన్లు కాలేయ కణంలోకి చేరి ఈ ఎంజైమును ఎక్కువగా తయారు చేయిస్తాయి. రోజుకు పది పన్నెండు సిగరెట్లకే ఎంజైము దాదాపు గరిష్ఠానికి చేరుతుంది. ఈ పని చేసేది నికోటిన్ కాదు, పొగ. అందుకే నికోటిన్ గమ్, ప్యాచ్ ఇచ్చినంత మాత్రాన మందు స్థాయి పెరగడం ఆగదు. గుట్కా, ఖైనీ నమిలేవారిలో ఈ ఎంజైము పెరగదు. బీడీ, సిగరెట్, చుట్ట, నిప్పంటించి తాగేది ఏదైనా లెక్కలోకి వస్తుంది. శ్రీకాకుళం, విశాఖ వైపు అడ్డపొగ తాగే పెద్దావిడలను ‘పొగ తాగుతారా అమ్మా’ అని అడిగేవారు తక్కువ. అడగాలి.

పొగ ఆగగానే అదనపు ఎంజైము కరగడం మొదలవుతుంది. దాని అర్ధాయువు ఒకటిన్నర రోజుకు కాస్త ఎక్కువ, 39 గంటల దగ్గర. అంటే వారంలో కథ మారిపోతుంది. 2008 జూలైలో ఇంగ్లండ్ మానసిక వైద్య వార్డుల్లో పొగ నిషేధం అమల్లోకి వచ్చినప్పుడు ఈ లెక్క వార్డు సమస్యగా మారింది. 2020 ఆగస్టులో బ్రిటన్ మందుల నియంత్రణ సంస్థ ఎంహెచ్ఆర్ఏ స్పష్టంగా చెప్పింది: క్లోజపిన్ వాడేవారు పొగ మానినా, ఇ-సిగరెట్‌కు మారినా, న్యుమోనియాలాంటి గట్టి ఇన్ఫెక్షన్ వచ్చినా రక్తంలో స్థాయి చూడాలి.

పాఠం కోసం అల్లిన ఒక కేసు చూద్దాం. 42 ఏళ్ల మనిషి, రోజుకు బీడీ కట్ట. క్లోజపిన్ ఉదయం 150, రాత్రి 300, మొత్తం 450 మిల్లీగ్రాములు. ఆరు నెలల కింద స్థాయి 420. బండి మీద నుంచి పడి కాలు విరిగి ఆర్థో వార్డులో చేరాడు, బీడీలు బంద్. ఎనిమిదో రోజుకు దిండు తడిసేంత చొంగ, ముద్దముద్దగా మాట, చేతులు ఉలిక్కిపడినట్టు అదరడం, నాలుగు రోజులుగా విరేచనం లేదు. నొప్పి ఇంజెక్షన్ల మత్తని అందరూ అనుకున్నారు. రాత్రి మాత్రకు 12 గంటల తర్వాత, ఉదయం మాత్రకు ముందు తీసిన రక్తంలో స్థాయి 780.

ముందు వేరే కారణాలు చూడాలి. సిప్రోఫ్లాక్సాసిన్ గానీ ఫ్లూవోక్సమిన్ గానీ కలిసిందా? రెండూ ఈ ఎంజైమునే అడ్డుకుంటాయి, ఫ్లూవోక్సమిన్ అయితే స్థాయిని ఎన్నో రెట్లు పెంచగలదు. జ్వరం, సీఆర్‌పీ పెరగడం ఉందా? ఇన్ఫెక్షన్ కూడా ఎంజైమును మందగింపజేస్తుంది. ఇతని కేస్‌షీట్‌లో ఇవేవీ లేవు. రక్తం ఎప్పుడు తీశారన్నదీ అడగాల్సిందే. మాత్ర వేసుకున్న రెండు గంటలకే తీస్తే ఏ మనిషిలోనైనా అంకె ఎక్కువగానే వస్తుంది.

మోతాదుకూ స్థాయికీ సంబంధం సుమారుగా సరళరేఖలో ఉంటుంది కాబట్టి లెక్క తేలికే. 450ని 420తో గుణించి 780తో భాగిస్తే 242. కాబట్టి ఉదయం 50, రాత్రి 200, మొత్తం 250 మిల్లీగ్రాములు వేస్తే స్థాయి 433 దగ్గర కుదురుకోవాలి. సైకియాట్రిస్టుతో అదే రోజు మాట్లాడి తగ్గించాలి. మలబద్ధకానికి వెంటనే చికిత్స మొదలుపెట్టాలి, ఈ మందుతో అది ప్రాణాంతకం కాగలదు. భయపడి మందు మొత్తం ఆపేయకూడదు. జబ్బు తిరగబెట్టడమే కాక, 48 గంటలకు మించి ఆగితే మళ్లీ 12.5 మిల్లీగ్రాముల నుంచి మొదలుపెట్టాల్సి వస్తుంది.

చేరిన రోజునే బీడీల సంగతి అడిగి ఉంటే ఇంత దూరం వచ్చేది కాదు. అప్పుడే ఒక స్థాయి తీసి, నాలుగో రోజు దాకా రోజుకు పదో వంతు చొప్పున తగ్గించి, వారానికి మళ్లీ కొలిస్తే చాలు. చాలాచోట్ల శాంపిల్ బయటి ల్యాబ్‌కు వెళ్లాలి, రిపోర్టుకు రోజులు పడుతుంది. లక్షణాలు కనిపిస్తున్నప్పుడు దానికోసం కూర్చోకూడదు.

ఇంటికి వెళ్లేటప్పుడు రెండో ప్రమాదం ఉంది. కట్టు విప్పగానే ఇతను బీడీ వెలిగిస్తే, 250 మిల్లీగ్రాములతో స్థాయి 233కు జారుతుంది, 350 గీతకు చాలా కింద. కొద్ది వారాల్లో మళ్లీ గొంతులు వినిపించడం మొదలవ్వొచ్చు. అందుకే డిశ్చార్జ్ కాగితం మీద ఈ మోతాదు పొగ మానిన మనిషికి లెక్కగట్టిందని రాయాలి. ఇంట్లో మందులు చూసుకునేవారికి కూడా ఒక మాట చెప్పాలి: బీడీ మళ్లీ మొదలైతే దాచకండి, అదే వారం ఫోన్ చేయండి.