పెద్దమ్మ చేతి మీద మచ్చ, ఫైలు మీద ఒక్క ముక్క

"ఏదైనా మందు పడదా అమ్మా మీకు?" అని అడిగింది నర్సు. "యాంటీబయాటిక్స్ అస్సలు పడవు తల్లీ, ఒంటికి వేడి చేసేస్తాయి," అంది మా పెద్దమ్మ. నర్సు ఫైలు అట్ట మీద ఎర్ర పెన్నుతో 'అలర్జీ: యాంటీబయాటిక్స్' అని రాసి కింద రెండు గీతలు గీసింది. 2025 జనవరిలో, గాల్ బ్లాడర్‌లో రాళ్ళ ఆపరేషన్‌కి ముందు రోజు సంగతిది. సాయంత్రం రౌండ్స్‌కి వచ్చిన సర్జన్ ఆ గీతల దగ్గర ఆగిపోయాడు. ఆపరేషన్ మొదలుపెట్టే ముందు గంటలోపు ఒక డోసు సెఫజోలిన్ ఇవ్వడం ఆయన పద్ధతి. అదీ యాంటీబయాటిక్కే.

నర్సుని తప్పు పట్టలేం, ఆవిడ విన్నదే రాసింది. ఇబ్బందంతా మన 'పడదు' అనే మాటతో వచ్చింది. మనకి వంకాయ పడదు, పొరుగూరి నీళ్ళు పడవు, అత్తాకోడళ్ళకి పడదు. మందు వేసుకుంటే కడుపులో తిప్పినా, ఒళ్ళంతా దద్దుర్లు లేచినా, ఊపిరాడక ఐసీయూలో చేరినా చెప్పేది అదే మాట. వీటిలో మొదటిది అసలు అలర్జీయే కాదు, చివరిది ప్రాణం తీసేది. నేను మెడికల్ కాలేజీలో ఫార్మకాలజీ చెబుతాను. మా విద్యార్థులు కూడా కేస్ షీట్‌లో 'డ్రగ్ అలర్జీ ప్లస్' అని రాసి పేజీ తిప్పేస్తారు. ఏ మందు, ఏం జరిగింది, ఎంత తీవ్రంగా, ఎప్పుడు, దానికీ మందుకీ సంబంధం ఉందని ఎంత నమ్మకం? ఈ ఐదూ లేకపోతే ఆ ప్లస్ వల్ల ఎవరికీ ఉపయోగం లేదు.

ఆ రాత్రి పెద్దమ్మ ప్లాస్టిక్ కవర్ తెప్పించి మంచం మీద బోర్లించాను. ప్రతి ఇంట్లోనూ ఉంటుంది అలాంటి కవర్. పాత చీటీలు, బిల్లులు, సగం వాడిన స్ట్రిప్పులు. "అసలేమయింది?" అని అడిగితే ఆవిడ ఎడమ చెయ్యి చాపింది. మణికట్టుకి కాస్త పైన రూపాయి బిళ్ళంత నల్ల మచ్చ, అంచు గీసినట్టు గుండ్రంగా ఉంది.

"ఇది 2021లో విరేచనాలకి మాత్రలు వేసుకున్నప్పుడు వచ్చింది. ఏదో పురుగు పాకిందనుకుని పసుపు రాశాం. మొన్న ఆగస్టులో పెళ్ళికెళ్ళినప్పుడు మళ్ళీ విరేచనాలు పట్టుకుంటే మాత్ర వేసుకున్నా. నాలుగు గంటలు తిరక్కుండా సరిగ్గా ఇక్కడే దురద, ఎరుపు. పెదవి పక్కన ఇంకోటి కొత్తగా లేచింది."

సరిగ్గా ఇక్కడే! నేను మంచం మీద లేచి కూర్చున్నాను. ఒంటి మీద ఎక్కడ పడితే అక్కడ పాకే పురుగు మూడేళ్ళ తర్వాత వెతుక్కుంటూ వచ్చి అదే రూపాయి బిళ్ళ మీద పాకదు కదా. దీన్ని ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్ అంటారు. మందుల ప్రతిచర్యల్లో నాకు బాగా ఇష్టమైనది, ఎందుకంటే దీని రికార్డు చర్మమే రాసి పెట్టుకుంటుంది. మొదటిసారి మచ్చ మానిపోయాక కూడా అక్కడి పైచర్మం అడుగున రోగనిరోధక వ్యవస్థకి చెందిన కొన్ని టీ కణాలు కాపురం పెట్టి ఉండిపోతాయి. అదే మందు మళ్ళీ రక్తంలోకి రాగానే అవి మేలుకుని ఇంటర్‌ఫెరాన్ గామా అనే ప్రోటీన్ వదులుతాయి, చుట్టూ ఉన్న చర్మకణాలు దెబ్బతింటాయి. పగిలిన కణాల్లోని మెలనిన్ అనే రంగుపదార్థం కింది పొరలోకి జారి అక్కడే చిక్కుకుంటుంది. అందుకే ఎరుపు తగ్గినా నలుపు నెలల తరబడి పోదు. మొదటిసారి మచ్చ లేవడానికి వారం రెండు వారాలు పట్టవచ్చు. రెండోసారి కొన్ని గంటలు చాలు.

మరి ఏ మందు? ఆగస్టు నాటి స్ట్రిప్ ముక్క దొరికింది కానీ, షాపు అబ్బాయి కత్తెర వేసిన చోట పేరు సగం పోయింది. మిగిలింది '…నిడజోల్' అనే తోక. మెట్రోనిడజోల్, టినిడజోల్, ఆర్నిడజోల్ అన్నింటికీ అదే తోక! అదృష్టం కొద్దీ 2021 బిల్లూ, ఆగస్టు బిల్లూ రెండూ ఉన్నాయి. రెండిటిలోనూ ఒకే బ్రాండు. అందులో ఆఫ్లాక్సాసిన్ 200, ఆర్నిడజోల్ 500 మిల్లీగ్రాములు కలిపి ఉంటాయి. ఒక మాత్రలో ఇద్దరు అనుమానితులన్నమాట. బ్రాండు పేరు మాత్రమే రాసుకుంటే ఎందుకు చాలదో ఇక్కడే తెలుస్తుంది. ఇదే జంటని మన మార్కెట్లో ఎన్నో పేర్లతో అమ్ముతారు.

కవర్ అడుగున ఇంకో చీటీ ఉంది. 2023 ఫిబ్రవరి, మూత్రంలో ఇన్ఫెక్షన్, ఆఫ్లాక్సాసిన్ ఒక్కటే, ఐదు రోజులు. "అప్పుడు మచ్చ రేగిందా?" "లేదే!" ఆ చీటీ మీద తారీఖు లేకపోతే నేను అక్కడే ఇరుక్కుపోయేవాణ్ణి. ఎందుకంటే ఈ జబ్బుకి ఒక టక్కు ఉంది. ఒకసారి రేగాక కొన్ని వారాలు, ఒక్కోసారి నెలలు, ఆ మచ్చ మందుకి పలకదు. ఆ విరామంలో అసలు దోషిని మింగినా ఏమీ కాదు, మనం దాన్ని నిర్దోషి అనుకుంటాం. ఇక్కడ 2021 జూన్‌కీ 2023 ఫిబ్రవరికీ మధ్య ఇరవై నెలలు. మళ్ళీ 2024 ఆగస్టులో మచ్చ రేగింది కాబట్టి మధ్యలో ఆ కణాలు ఎక్కడికీ పోలేదు. ఆఫ్లాక్సాసిన్ నిర్దోషిగా బయటపడింది, ఆర్నిడజోల్ దొరికిపోయింది.

ఇప్పుడు నమ్మకం లెక్క. 1981లో కెనడాలోని టొరంటోలో నరాంజో బృందం పది ప్రశ్నల కొలమానం ఒకటి తయారు చేసింది. 9 లేదా ఆపైన వస్తే నిశ్చయం, 5 నుంచి 8 అయితే చాలావరకు నిజం, 1 నుంచి 4 అయితే కావచ్చు, సున్నా లేదా అంతకన్నా తక్కువైతే సందేహమే. 2021 సంఘటనకి వేసి చూశాను. ఇలాంటివి ముందే నమోదయ్యాయి కాబట్టి 1, మందు తర్వాతే వచ్చింది కాబట్టి 2, ఆపితే తగ్గింది కాబట్టి 1. పురుగు అనే వేరే కారణం అప్పటికి కొట్టిపారేయలేదు కాబట్టి మైనస్ 1. మొత్తం 3, అంటే 'కావచ్చు'. 2024కి వచ్చేసరికి మొదటి మూడు ప్రశ్నలకీ అదే 4. మళ్ళీ వేసుకుంటే మళ్ళీ వచ్చింది, 2. వేరే కారణం లేదు, 2. ఇదే మందుకి ముందు కూడా ఇలాగే అయింది, 1. మర్నాడు పొద్దున చర్మం డాక్టరు కళ్ళారా చూసి ఫోటో తీశారు, 1. మొత్తం 10.

మిగిలిన మూడు ప్రశ్నలూ ఉత్తుత్తి మాత్రకి కూడా వచ్చిందా, రక్తంలో మందు విషస్థాయిలో ఉందా, డోసు పెంచితే ఎక్కువైందా అనేవి. అలర్జీలో వీటికి సాధారణంగా జవాబుండదు. కాబట్టి అలర్జీకి రాగల గరిష్ఠ మార్కులు 10. అందులో 'మళ్ళీ వేసుకుంటే', 'ముందు కూడా' అన్న రెండింటికీ కలిపి 3 మార్కులు. అంటే జీవితంలో ఒకే ఒక్కసారి ఇంజెక్షన్ వికటించి, బీపీ పడిపోయి, అడ్రినలిన్‌తో బతికిన మనిషికి ఎంత బాగా రాసిపెట్టినా 7 దాటదు. 'నిశ్చయం' అనిపించుకోవాలంటే ఇంకోసారి చావుదాకా వెళ్ళి రావాలి! తరగతిలో ఈ లెక్క వేయించాకే మా పిల్లలకి ఒకటి తలకెక్కుతుంది: నమ్మకం వేరు, తీవ్రత వేరు. ఆ మనిషి రికార్డులో 'చాలావరకు నిజం, అతి తీవ్రం' అని పక్కపక్కనే ఉండాలి. మొదటి మాట చూసి ఎవరూ మళ్ళీ ఇచ్చి చూద్దామనుకోకూడదు.

తీవ్రత దగ్గర 'బాగా ఎక్కువైంది' లాంటి మాటలు పనికిరావు. చూసింది రాయాలి. పెద్దమ్మకి మచ్చలు రెండు, బొబ్బలు లేవు, జ్వరం లేదు, నోటి లోపల గానీ కళ్ళలో గానీ పుండ్లు లేవు, ఊపిరి బాగానే ఆడింది, ఆస్పత్రిలో చేరలేదు. ఈ 'లేవు'లే ముఖ్యం. అవి రాయకపోతే తర్వాత చదివే డాక్టరుకి, చర్మం ఊడివచ్చి ప్రాణం మీదికి తెచ్చే స్టీవెన్స్-జాన్సన్ జబ్బేమోనన్న భయం పట్టుకుంటుంది. అలాగని తేలిగ్గా తీసుకోకూడదు. మళ్ళీ మళ్ళీ వేసుకుంటే మచ్చల సంఖ్య పెరగవచ్చు, ఒళ్ళంతా బొబ్బలెక్కే రూపమూ ఉంది. ఆస్పత్రి కంప్యూటర్లు సమాచారం ఇచ్చిపుచ్చుకునే ఎఫ్‌హెచ్‌ఐఆర్ ప్రమాణంలో ఈ రెంటికీ వేర్వేరు గడులున్నాయి. అప్పుడు జరిగినదానికి `severity`, మళ్ళీ తగిలితే పొంచి ఉన్న ముప్పుకి `criticality`. మన దేశపు ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ ఎంచుకున్నదీ ఈ ప్రమాణమే.

తారీఖు ఎందుకని మా విద్యార్థులు ఎప్పుడూ అడుగుతారు. పెన్సిలిన్ సంగతి చెబుతాను. చిన్నప్పుడు జ్వరంలో అమాక్సిసిలిన్ వేస్తే దద్దుర్లు వచ్చిన పిల్లల్లో చాలామందికి అవి వైరస్ వల్ల వచ్చినవే. నిజంగా అలర్జీ ఉన్నవాళ్ళలో కూడా పదేళ్ళు పెన్సిలిన్ తగలకుండా ఉంటే దాదాపు 80 శాతం మందికి అది పోతుంది. పెన్సిలిన్ అలర్జీ నిజంగా ఉందా అని అంచనా వేసే పెన్-ఫాస్ట్ అనే చిన్న లెక్కలో సంఘటన జరిగి ఐదేళ్ళు దాటకపోతే 2 మార్కులు, దాటితే సున్నా. తారీఖు రాయని చీటీతో ఆ లెక్క మొదలే కాదు.

మర్నాడు ఉదయం సర్జన్, మత్తు డాక్టరు, నేను కూర్చుని చూశాం. ఆర్నిడజోల్‌కీ సెఫజోలిన్‌కీ నిర్మాణంలో పోలికే లేదు. సెఫజోలిన్ ఇచ్చారు, ఏమీ కాలేదు. అట్ట మీది ఎర్ర గీతలు కొట్టేసి లోపల ఇలా రాశాం:

"ఆర్నిడజోల్ 500 మి.గ్రా. (ఆఫ్లాక్సాసిన్‌తో కలిసిన మాత్ర). ఫిక్స్‌డ్ డ్రగ్ ఎరప్షన్, ఎడమ ముంజేయి, పెదవి పక్కన. 2021 జూన్, 2024 ఆగస్టు. రెండోసారి 4 గంటల్లో. స్వల్పం, బొబ్బలు, జ్వరం, నోటిపుండ్లు లేవు. నరాంజో 10, నిశ్చయం. చర్మ వైద్యులు చూశారు, ఫోటో ఉంది. మెట్రోనిడజోల్, టినిడజోల్ కూడా ఇవ్వవద్దు. ఆఫ్లాక్సాసిన్ 2023 ఫిబ్రవరిలో ఇబ్బంది లేకుండా వాడారు. సెఫజోలిన్ 2025 జనవరిలో ఇచ్చాం, ఇబ్బంది లేదు."

కంప్యూటర్‌లో 'యాంటీబయాటిక్స్' అనే పాత ఎంట్రీని డిలీట్ చేయబోయాడు రికార్డుల అబ్బాయి. ఆపాను. చెరిపేస్తే వచ్చే ఏడాది ఇంకో నర్సు అదే ప్రశ్న అడుగుతుంది, పెద్దమ్మ అదే జవాబు చెబుతుంది, ఎంట్రీ మళ్ళీ పుడుతుంది. దాన్ని అలాగే ఉంచి, `verificationStatus` అనే గడిలో `unconfirmed` తీసేసి `refuted` పెట్టించి, ఎవరు ఎందుకు కొట్టేశారో పక్కన రాయించాను.

పెద్దమ్మకి ఆర్నిడజోల్ అన్న మాట నోరు తిరగదు. చీటీ మడిచి పర్సులో పెట్టుకుంది. మందుల షాపులో ఆ చీటీ ఇచ్చి, చెయ్యి కూడా చాపి మచ్చ చూపిస్తుంది.