25 పెట్టెలు, ఒక గూడ్స్ లిఫ్టు

మా అన్నయ్య కూతురు డిగ్రీ రెండో సంవత్సరం చదువుతోంది. మొన్న రాత్రి ఒక లెక్క ఫోటో తీసి పంపింది. "బాబాయ్, నాకు 0.34 వస్తోంది. పుస్తకం వెనక 0.0228 అని ఉంది. తప్పెక్కడ?"

పెట్టెల బరువులు ఒకదానితో ఒకటి సంబంధం లేని స్వతంత్ర నార్మల్ చలరాశులు, ఒక్కోటి N(20, 2²). అంటే సగటు 20 కిలోలు, ప్రామాణిక విచలనం 2 కిలోలు. గూడ్స్ లిఫ్టు హద్దు 520 కిలోలు. 25 పెట్టెలు ఎక్కిస్తే హద్దు దాటే సంభావ్యత ఎంత?

మొత్తం సగటు 500, అందులో పేచీ లేదు. తను విచలనాన్ని కూడా 25తో హెచ్చించి 50 వేసింది. అది ఒకే పెట్టె బరువును 25 రెట్లు చేసిన లెక్క. మనకున్నవి 25 వేరువేరు పెట్టెలు.

రెండు పెట్టెలతో చూడండి. ఒక్కోటి 2 కిలోలు ఎక్కువో తక్కువో ఉంటుందనుకుందాం, బొమ్మా బొరుసూలాగా. మొత్తంలో తేడా నాలుగు రకాలుగా రావచ్చు: +4, 0, 0, −4. సగం సార్లు ఒకదాని ఎక్కువ, ఇంకోదాని తక్కువ కొట్టుకుపోతున్నాయి! వర్గాల సగటు (16+0+0+16)/4 = 8, అంటే సరిగ్గా 4+4. విచలనం 4 కాదు, √8, సుమారు 2.83. కూడేది విచలనాలను కాదు, వాటి వర్గాలను, అంటే విస్తృతులను. 25 పెట్టెలకు విస్తృతి 25 × 4 = 100, విచలనం 10. నార్మల్ చలరాశులను కూడితే వచ్చేదీ నార్మలే కాబట్టి 520 అంటే సగటుకు రెండు విచలనాల పైన. P(Z > 2) = 0.0228.

కొట్టుకుపోవడం అంటే ఐదు పెట్టెలు బరువుగా వచ్చాక ఆరోది తేలిగ్గా వస్తుందని కాదు. లాటరీ టికెట్లు కొనేవాళ్లలో ఈ నమ్మకం బాగా కనిపిస్తుంది. ఆరో పెట్టెకు ముందు ఐదింటి సంగతి తెలియదు.

ఫోటోలో 2 మీది చిన్న 2 నీడలో పడి సరిగ్గా కనపడలేదు. దాన్ని N(20, 2) అని చదివితే విస్తృతే 2 అయిపోతుంది, జవాబు 0.0023కి పడిపోతుంది. పదో వంతు! పుస్తకం జవాబు చూశాకే అది 2² అని నాకు ఖాయమైంది.

అసలు ప్రమాదం 'స్వతంత్రం' అన్న మాటలో ఉంది. అన్ని పెట్టెలనూ ఒకే కాటా మీద నింపారు, ఆ కాటా ఒక్కోరోజు కొంచెం అటూ ఇటూ తూగుతోంది అనుకోండి. అప్పుడు ఆ రోజు పెట్టెలన్నీ కలిసే బరువెక్కుతాయి. ఏ రెండు పెట్టెల మధ్యనైనా సహసంబంధం 0.1 ఉంటే చాలు, 300 జతలు ఒక్కోటి 2 × 0.4 = 0.8 చొప్పున విస్తృతికి 240 కలుపుతాయి. విస్తృతి 340, విచలనం 18.4 అవుతుంది. హద్దు దాటే సంభావ్యత 2.3 శాతం నుంచి దాదాపు 14 శాతానికి చేరుతుంది.

విడి పెట్టెలను ఎంత జాగ్రత్తగా చూసినా ఇది బయటపడకపోవచ్చు. కొన్ని వారాల పాటు రోజుకో లోడు మొత్తం తూచి, ఆ మొత్తాల విచలనం 10 దగ్గర ఉందో, 18 దగ్గర ఉందో చూడాలి.